ఫ్లోర్ టామ్ మీద గేటు: గట్టి దెబ్బలు నిలుస్తున్నాయి, మెత్తని దెబ్బల మోత తెగిపోతోంది

మంద్రస్థాయి:
అందరికీ నమస్కారం. ఒక పాట డ్రమ్స్ మిక్స్ చేస్తున్నాను. టెంపో 96. ఫ్లోర్ టామ్‌కు దగ్గరగా పెట్టిన మైకులో స్నేర్, కిక్, క్రాష్ శబ్దాలు బాగా దూరుతున్నందువల్ల ఆ ట్రాక్ మీద నాయిస్ గేటు పెట్టాను. థ్రెషోల్డ్ మైనస్ 18, అటాక్ 0.1 మిల్లీసెకండ్, హోల్డ్ 10 మిల్లీసెకండ్లు, రిలీజ్ 80 మిల్లీసెకండ్లు. రేంజ్‌ను చివరి వరకూ తిప్పాను కాబట్టి, మూసుకున్నప్పుడు ట్రాక్ పూర్తిగా నిశ్శబ్దమవుతోంది.

పల్లవికి ముందు వచ్చే ఫిల్స్‌లో ఏ ఇబ్బందీ లేదు, దెబ్బ నిండుగా వినిపిస్తోంది. అయితే పాట మధ్యలో డ్రమ్మర్ ఫ్లోర్ టామ్‌ను మెత్తగా, ఒక్కో బీటుకు రెండు దెబ్బల చొప్పున వాయించే భాగం ఒకటి ఉంది. అక్కడ ప్రతి దెబ్బా అట్టపెట్టె మీద కొట్టినట్లు "టప్, టప్" అని ఆగిపోతోంది. ఒకే వాద్యం, ఒకే మైకు, అవే సెట్టింగులు. గట్టి దెబ్బలకు సరిపోయిన హోల్డ్, రిలీజ్ మెత్తని దెబ్బలకు ఎందుకు సరిపోవడం లేదో అర్థం కావడం లేదు. ఏది ముందు మార్చాలో చెప్పగలరా?

నిశ్శబ్దప్రియ:
మీ గదిలో ఫ్యాన్ గానీ, కంప్యూటర్ గానీ నడుస్తూ ఉండి ఉంటుంది. అటువంటి నిలకడైన రొదకు గేటు కంటే నాయిస్ రిడక్షన్ ప్లగిన్ మేలు. దెబ్బలు లేని చోట రెండు సెకండ్ల రొదను నమూనాగా చూపిస్తే అది మిగతా ట్రాక్ అంతటా ఆ రొదను తీసివేస్తుంది. నేను గాత్రం రికార్డింగులన్నిటికీ ఇదే చేస్తాను.

మంద్రస్థాయి:
ధన్యవాదాలండీ. అయితే ఇక్కడ సమస్య రొద కాదు. టామ్ మైకులోకి పక్కనున్న వాద్యాల బ్లీడ్ వస్తోంది. స్నేర్ దెబ్బ నిలకడగా ఉండేది కాదు కాబట్టి దానికి నమూనా తీసి తొలగించే పద్ధతి పనికి రాదనుకుంటాను.

లెక్కలరాయుడు:
దీనికి చెవి కంటే లెక్క నమ్మదగినది. 60,000ను టెంపోతో భాగిస్తే ఒక బీటు నిడివి మిల్లీసెకండ్లలో వస్తుంది. మీ పాటలో అది 625. బీటుకు రెండు దెబ్బలు అంటున్నారు కాబట్టి, దెబ్బకూ దెబ్బకూ మధ్య 312 మిల్లీసెకండ్లు ఉంటాయి. దెబ్బ పడిన క్షణం నుంచి హోల్డ్ మొదలవుతుంది కనుక హోల్డ్‌ను 300 దగ్గర ఉంచి, రిలీజ్‌ను 10కి తగ్గించండి. తరువాతి దెబ్బ పడే ముందు గేటు శుభ్రంగా మూసుకుంటుంది, స్వరం తెగదు.

పాతకన్సోల్:
లెక్కలరాయుడు గారు దెబ్బల మధ్య ఎడం లెక్కించడం సరైనదే, అది తరువాత మనకు పనికొస్తుంది కూడా. కానీ హోల్డ్ దెబ్బ పడిన క్షణం నుంచి మొదలవుతుందన్నది సరి కాదు. నేను వాడిన గేట్లన్నిటిలోనూ, సిగ్నల్ థ్రెషోల్డ్ కంటే కిందికి దిగిన క్షణం నుంచి హోల్డ్ లెక్క మొదలవుతుంది. అంతవరకూ గేటును తెరిచి ఉంచేది దెబ్బ మోతే. మోత థ్రెషోల్డ్ దాటి కిందికి దిగాక హోల్డ్ గడువు నడుస్తుంది, ఆ గడువు తీరాక రిలీజ్ మొదలవుతుంది. ఈ మధ్యలో సిగ్నల్ మళ్ళీ థ్రెషోల్డ్ పైకి వస్తే లెక్క మొదటికి వస్తుంది.

మంద్రస్థాయి గారి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. గేటు ఎంతసేపు తెరిచి ఉంటుందన్నది మూడు కాలాల మొత్తం: మోత థ్రెషోల్డ్ పైన నిలిచే కాలం, హోల్డ్, రిలీజ్. చివరి రెండూ మీరు పెట్టినవి కాబట్టి అన్ని దెబ్బలకూ ఒకటే. మొదటిది మాత్రం దెబ్బ బలాన్ని బట్టి మారుతుంది.

రిలీజ్‌ను 10కి తగ్గించమన్న సలహాను మాత్రం పాటించకండి. మోత ఇంకా వినబడుతున్న చోట పది మిల్లీసెకండ్లలో మూస్తే కోత స్పష్టంగా తెలుస్తుంది.

ఏ గుండీ తిప్పే ముందూ గేటును బైపాస్ చేసి, ట్రాక్‌ను సోలోలో వింటూ మీటర్ చూసి కొన్ని సంఖ్యలు రాసుకోండి. గట్టి దెబ్బ శిఖరం ఎంత, మీకు కావలసిన వాటిలో అన్నిటికంటే మెత్తని దెబ్బ శిఖరం ఎంత, స్నేర్, కిక్, క్రాష్ ఒక్కొక్కటీ ఈ మైకులో గరిష్ఠంగా ఎంతవరకు వస్తున్నాయి, గట్టి దెబ్బ మోత ఇరవై డెసిబెల్స్ తగ్గడానికి ఎంతసేపు పడుతోంది. ఇవి తెలిస్తే మిగతాది ఊహించనక్కరలేదు.

మంద్రస్థాయి:
కొలిచాను. ఫిల్స్‌లో గట్టి దెబ్బలు మైనస్ 6 దగ్గర ఉన్నాయి. మధ్య భాగంలో అన్నిటికంటే మెత్తనిది మైనస్ 16. స్నేర్ బ్లీడ్, ముఖ్యంగా అంచు కలిపి కొట్టిన దెబ్బలు, మైనస్ 20 వరకూ వస్తున్నాయి. క్రాష్ మైనస్ 24, కిక్ మైనస్ 27. మోత విషయానికి వస్తే, గట్టి దెబ్బ మైనస్ 6 నుంచి మైనస్ 26కు దిగడానికి దాదాపు అర సెకండు పడుతోంది.

పాతకన్సోల్:
చాలా ఉపయోగకరమైన కొలతలు. అర సెకండులో ఇరవై డెసిబెల్స్ అంటే, సెకండుకు నలభై చొప్పున మోత తగ్గుతోంది. నిజానికి ఈ తగ్గుదల గీత గీసినట్లు సూటిగా ఉండదు. మొదట కర్ర తగిలిన శబ్దం వేగంగా పడిపోయి తరువాత మోత నిదానిస్తుంది. అయినా మన లెక్కకు ఇది చాలు.

మీ థ్రెషోల్డ్ మైనస్ 18. గట్టి దెబ్బ మైనస్ 6 నుంచి అక్కడికి దిగాలంటే 12 డెసిబెల్స్ తగ్గాలి, దానికి 300 మిల్లీసెకండ్లు పడుతుంది. దానికి మీ హోల్డ్ 10, రిలీజ్ 80 కలిపితే 390. మెత్తని దెబ్బ మైనస్ 16 నుంచి మైనస్ 18కి దిగడానికి 2 డెసిబెల్స్ చాలు, అంటే 50 మిల్లీసెకండ్లు. హోల్డ్, రిలీజ్ కలిపినా 140. ఒకే సెట్టింగులతో ఒక దెబ్బకు 390, మరో దెబ్బకు 140 మిల్లీసెకండ్లు దక్కుతున్నాయి. మీరు విన్న "టప్" ఈ 140.

కాబట్టి హోల్డ్, రిలీజ్‌లను ఎప్పుడూ అన్నిటికంటే మెత్తని దెబ్బను లూప్ చేసుకుని సరిచూడాలి. గట్టి ఫిల్‌ను వింటూ సెట్ చేసే అలవాటు చాలామందికి ఉంటుంది, ఎందుకంటే పాటలో చెవి మొదట పట్టుకునేది దాన్నే. అక్కడ మోత తనంతట తానే గేటును చాలాసేపు తెరిచి ఉంచుతుంది కాబట్టి హోల్డ్ ఎంత చిన్నదైనా తప్పు బయటపడదు.

కత్తెరపని:
ఇంత లెక్క ఎందుకండీ? ఒక పాటలో ఫ్లోర్ టామ్ దెబ్బలు ఎన్ని ఉంటాయి? నేను టామ్ ట్రాకుల మీద గేటు పెట్టడం మానేశాను. తరంగ చిత్రంలో దెబ్బలు కంటికి కనిపిస్తూనే ఉంటాయి. దెబ్బ ముందు కోసి, దెబ్బ లేని భాగాన్ని తీసివేసి, ప్రతి ముక్క చివరా ఒక పొడవైన ఫేడ్ పెడతాను. ఏ దెబ్బకు ఎంత మోత కావాలో అంత ఉంచుకోవచ్చు. గేటు ఎన్నటికీ అంత తెలివిగా పనిచేయదు.

మంద్రస్థాయి:
కత్తెరపని గారూ, ఫిల్స్ వరకైతే మీరన్నట్లు చేయవచ్చు. మధ్య భాగంలో పదహారు బార్ల పాటు టామ్ ఆగకుండా నడుస్తుంది, మధ్యమధ్య స్నేర్ కూడా పడుతుంది. అందుకే గేటుతో సాధ్యమా అని చూస్తున్నాను.

పాతకన్సోల్ గారూ, మీరు చెప్పినది చదివాక మెత్తని దెబ్బను లూప్ చేసి థ్రెషోల్డ్‌ను మైనస్ 24కు దించాను. మోత పెరిగిన మాట నిజమే, కానీ రెండు కొత్త ఇబ్బందులు వచ్చాయి. ప్రతి గట్టి స్నేర్ దెబ్బకూ గేటు తెరుచుకుంటోంది. రెండోది, టామ్ మోత చివర గేటు సూచిక దీపం రెండు మూడు సార్లు వెలిగి ఆరుతోంది, ఆ సమయంలో మోత వణికినట్లు వినబడుతోంది.

పాతకన్సోల్:
రెండింటికీ కారణాలు వేరు. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది స్నేర్. మీకు కావలసిన మెత్తని దెబ్బ మైనస్ 16, అక్కరలేని స్నేర్ మైనస్ 20. మధ్యలో ఉన్నది నాలుగు డెసిబెల్సే. ఆ ఇరుకులో థ్రెషోల్డ్ ఎక్కడ పెట్టినా అయితే దెబ్బ తెగుతుంది, లేకపోతే స్నేర్ తెరుస్తుంది. థ్రెషోల్డ్ గుండీతో ఇది తీరదు, ఆ ఎడాన్నే పెంచాలి. గేటు ఏ శబ్దాన్ని విని నిర్ణయం తీసుకుంటుందో ఆ శబ్దానికి మాత్రమే ఫిల్టర్ వేయండి. ప్లగిన్లలో దీన్ని సైడ్‌చెయిన్ ఫిల్టర్ అంటారు, పాత హార్డ్‌వేర్ గేట్ల మీద కీ ఫిల్టర్ అని రాసి ఉంటుంది. బయటికి వెళ్ళే టామ్ శబ్దం మారదు, గేటు చెవి మాత్రమే మారుతుంది.

ఫ్లోర్ టామ్ అసలు స్వరం సాధారణంగా 70 నుంచి 100 హెర్ట్జ్ మధ్య, స్నేర్ అసలు స్వరం 200 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. సైడ్‌చెయిన్‌లో లో పాస్‌ను 150 దగ్గర, హై పాస్‌ను 65 దగ్గర పెట్టి, ఫిల్టర్ అయిన శబ్దాన్నే వినే బటన్ నొక్కి వినండి. స్నేర్ చాలావరకు వెనక్కి పోవాలి, క్రాష్ దాదాపు మాయమవ్వాలి. కిక్ మాత్రం పోదు, ఎందుకంటే దాని స్వరం టామ్‌కు పొరుగునే ఉంటుంది. హై పాస్‌ను కొద్దికొద్దిగా పైకి జరుపుతూ, టామ్ తగ్గడం మొదలయ్యే చోట ఆపండి.

రెండోది వణుకు. టామ్‌కు పైనా కిందా రెండు తోళ్ళు ఉంటాయి. వాటి శ్రుతి కొద్దిగా తేడాగా ఉన్నప్పుడు మోత నున్నగా తగ్గకుండా, అలలు అలలుగా లేస్తూ పడుతూ తగ్గుతుంది. ఆ అల థ్రెషోల్డ్ దగ్గరికి వచ్చినప్పుడు ఒకసారి కిందికి దిగి, మళ్ళీ పైకి లేచి, మళ్ళీ దిగుతుంది. గేటు దాన్ని కొత్త దెబ్బగా భావించి తెరుచుకుంటుంది. దీనికి మందు హిస్టరిసిస్. తెరవడానికి ఒక మట్టం, మూయడానికి దాని కంటే నాలుగైదు డెసిబెల్స్ కింద మరో మట్టం. మీ గేటులో ఆ సదుపాయం లేకపోతే హోల్డ్‌ను ఒక అల నిడివి కంటే ఎక్కువ పెట్టినా సరిపోతుంది, మధ్యలో పడిన గుంటను హోల్డ్ దాటించేస్తుంది.

మీ 10 మిల్లీసెకండ్ల హోల్డ్ మరో కారణంగా కూడా చాలదు. 80 హెర్ట్జ్ స్వరంలో ఒక పూర్తి కంపనానికే 12.5 మిల్లీసెకండ్లు పడుతుంది. గేటు శిఖరాలను చూసి పనిచేసేదైతే, హోల్డ్ అంతకంటే చిన్నదిగా, రిలీజ్ కూడా వేగంగా ఉన్నప్పుడు ఒకే స్వరంలోని కంపనాల మధ్యే మూయడానికి ప్రయత్నిస్తుంది. అప్పుడు వినబడేది వణుకు కాదు, గరగర. ఫ్లోర్ టామ్ మీద హోల్డ్‌ను 30 కంటే కిందికి నేను దించను.

చీపురుబ్రష్:
నేను డ్రమ్స్ వాయిస్తాను, రికార్డింగ్ కూడా నేనే చేసుకుంటాను. నా ఇబ్బంది స్నేర్‌తో. గట్టి దెబ్బల మధ్య వాయించే గోస్ట్ నోట్స్ గేటు వల్ల పూర్తిగా మాయమవుతున్నాయి. కొలిచి చూస్తే అవి మైనస్ 30 దగ్గర ఉన్నాయి, హైహ్యాట్ బ్లీడ్ మైనస్ 26 దగ్గర ఉంది. పైన చెప్పినదాన్ని బట్టి హోల్డ్‌ను 120కి, రిలీజ్‌ను 200కి పెంచి చూశాను. ఏమీ మారలేదు.

పాతకన్సోల్:
మారదండీ. హోల్డ్, రిలీజ్ రెండూ తెరుచుకున్న గేటు ఎప్పుడు మూసుకోవాలో చెబుతాయి. మీ గోస్ట్ నోట్స్‌కు గేటు తెరుచుకోవడమే లేదు. పైగా మీకు కావలసినది అక్కరలేని దాని కంటే నాలుగు డెసిబెల్స్ కింద ఉంది. మంద్రస్థాయి గారికి ఇరుకైన సందైనా ఉంది, మీకు అదీ లేదు.

సైడ్‌చెయిన్‌లో 150 నుంచి 400 హెర్ట్జ్ వరకు ఉంచి చూడండి. హైహ్యాట్ శక్తి అధికభాగం అంతకంటే చాలా పైన ఉంటుంది కాబట్టి ఆ పట్టీలో గోస్ట్ నోట్ పైకి తేలే అవకాశం ఉంది. తేలకపోతే ఆ భాగంలో గేటును ఆపివేయడమే నయం. లేదా పూర్తిగా మూయకుండా ఐదారు డెసిబెల్స్ మాత్రమే తగ్గించేలా రేంజ్ పెట్టండి. గోస్ట్ నోట్స్ కాస్త తగ్గుతాయి, కానీ పోవు.

చీపురుబ్రష్:
ఆ పట్టీలో ఫిల్టర్ పెడితే సగానికి పైగా గోస్ట్ నోట్స్‌కు తెరుచుకుంటోంది. మిగిలినవి మరీ మెత్తగా వాయించినవి. అక్కడ గేటును ఆఫ్ చేయక తప్పేలా లేదు. మైకును హైహ్యాట్‌కు వీపు చేసి పెట్టి మళ్ళీ రికార్డు చేయడం ఇంతకంటే తేలికేమో అనిపిస్తోంది.

మంద్రస్థాయి:
ఫిల్టర్ పెట్టాక వచ్చిన సంఖ్యలు ఇవి. సైడ్‌చెయిన్‌లో గట్టి దెబ్బ మైనస్ 8, మెత్తని దెబ్బ మైనస్ 18, స్నేర్ మైనస్ 30కి పడిపోయింది, కిక్ మైనస్ 28. క్రాష్ కనిపించడం లేదు. అంటే ఇప్పుడు మెత్తని దెబ్బకూ దానికి దగ్గరి శత్రువుకూ మధ్య పది డెసిబెల్స్ ఉన్నాయి. తెరిచే మట్టం మైనస్ 22, మూసే మట్టం మైనస్ 26 పెట్టాను. హోల్డ్ 120, రిలీజ్ 300.

మీ పద్ధతిలోనే లెక్క వేశాను. మెత్తని దెబ్బ మైనస్ 18 నుంచి మైనస్ 26కు 200 మిల్లీసెకండ్లు, దానికి 120, 300 కలిపితే 620. దెబ్బల మధ్య ఎడం 312 కాబట్టి మధ్య భాగంలో గేటు పూర్తిగా మూసుకోకముందే తరువాతి దెబ్బ వచ్చి తెరుస్తోంది. "టప్, టప్" పోయింది, స్నేర్‌కు తెరుచుకోవడం పోయింది, వణుకూ పోయింది.

అయితే రెండు విషయాలు మిగిలాయి. మొదటిది, కర్ర తోలుకు తగిలిన చురుకు తగ్గింది, దెబ్బ ముఖం మొద్దుబారినట్లు ఉంది. అటాక్‌ను 0.1 దగ్గరే ఉంచాను కాబట్టి కారణం తెలియడం లేదు. రెండోది ఫిల్స్‌లో. ఫిల్ చివరి దెబ్బ తరువాత పల్లవి క్రాష్‌తో మొదలవుతుంది. అప్పటికి టామ్ గేటు ఇంకా తెరిచే ఉంటోంది కనుక, క్రాష్ ఒక క్షణం కుడివైపు టామ్ మైకు నుంచి మందంగా వినిపించి తరువాత వెనక్కి తగ్గుతోంది.

వేదికవెనుక:
నేను ప్రత్యక్ష కచేరీలకు సౌండ్ చేస్తాను, కాబట్టి నా అవసరం వేరు. మాకు ఫ్లోర్ టామ్ మైకు తెరిచి ఉంటే స్టేజీ మీది సబ్ శబ్దానికి తోలు తనంతట తానే మోగడం మొదలుపెడుతుంది, అక్కడి నుంచి ఫీడ్‌బ్యాక్‌కు ఎంతో దూరం ఉండదు. అందువల్ల 300 రిలీజ్ నేను ఎప్పుడూ పెట్టలేను. టామ్ అంచుకు ఒక ట్రిగ్గర్ తగిలించి, దాన్ని గేటు సైడ్‌చెయిన్‌కు ఇస్తాను. ట్రిగ్గర్ అంచు కదలికను మాత్రమే గ్రహిస్తుంది కాబట్టి క్రాష్, స్నేర్ గాలిలో ఎంత గట్టిగా ఉన్నా దాదాపు పట్టించుకోదు. మెత్తని దెబ్బ కూడా స్పష్టంగా విడిపడి వస్తుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. ట్రిగ్గర్ ఇచ్చేది చిన్న చిటుకు శబ్దం మాత్రమే, అందులో మోత ఉండదు. అక్కడ గేటు ఎంతసేపు తెరిచి ఉండాలన్నది పూర్తిగా హోల్డ్ మీదే ఆధారపడుతుంది. లెక్కలరాయుడు గారు చెప్పిన లెక్క మా వద్ద దాదాపు ఉన్నదున్నట్లు వర్తిస్తుంది. గట్టి దెబ్బకూ మెత్తని దెబ్బకూ ఒకే నిడివి వస్తుంది కూడా.

లెక్కలరాయుడు:
ధన్యవాదాలు వేదికవెనుక గారూ. నేను ఎలక్ట్రానిక్ ప్యాడ్ల ట్రిగ్గర్లతోనే ఎక్కువగా పనిచేస్తాను. అందుకే నా అనుభవంలో హోల్డ్ దెబ్బ నుంచే మొదలైనట్లు ఉంటుంది. మైకు సిగ్నల్‌తో లెక్క ఎందుకు మారుతుందో ఇప్పుడు తెలిసింది.

పాతకన్సోల్:
మంద్రస్థాయి గారూ, మొద్దుబారడానికి కారణం మనం పెట్టిన ఫిల్టరే. 150 హెర్ట్జ్ కింద మాత్రమే వినే గేటుకు కర్ర చప్పుడు వినబడదు. మంద్ర స్వరం లేచి థ్రెషోల్డ్ దాటేసరికి కొన్ని మిల్లీసెకండ్లు గడిచిపోతాయి, ఆ లోపే కర్ర చప్పుడు అయిపోతుంది. అటాక్ ఎంత చిన్నదైనా, నిర్ణయమే ఆలస్యమైనప్పుడు ప్రయోజనం లేదు. ప్లగిన్‌లో లుక్‌అహెడ్ ఉంటే 5 మిల్లీసెకండ్లు ఇవ్వండి. REAPER వాడేవారికి ReaGateలో ఇది Pre-open అన్న పేరుతో కనిపిస్తుంది. ఆ సదుపాయం లేకపోతే ట్రాక్‌కు నకలు తీసి, నకలు 5 మిల్లీసెకండ్లు ముందే మోగేలా ఎడమవైపుకు జరిపి, దాని శబ్దం బయటికి రాకుండా సైడ్‌చెయిన్‌కు మాత్రమే పంపండి. ఫలితం అదే.

లుక్‌అహెడ్ ఇచ్చాక అటాక్‌ను 0.1 దగ్గర ఉంచే అవసరం లేదు. బ్లీడ్ మంద్రంగా ఉన్న చోట గేటు అంత హఠాత్తుగా తెరుచుకుంటే తరంగం మధ్యలో తెగి "టిక్" అని వినబడుతుంది. ఒకటి రెండు మిల్లీసెకండ్లు పెట్టండి.

ఇక క్రాష్. దీనికి రిలీజ్ కంటే ముందు రేంజ్ చూడాలి. మీ గేటు మూసుకున్నప్పుడు, ఉజ్జాయింపుగా, 80 డెసిబెల్స్ తగ్గిస్తోందనుకుందాం. అది 300 మిల్లీసెకండ్లలో జరిగితే, మొదటి 100 మిల్లీసెకండ్లలోనే దాదాపు 27 డెసిబెల్స్ పోతాయి. అంటే చెవికి తెలిసే రిలీజ్ వంద మాత్రమే, మిగతా రెండు వందలు ఎవరికీ వినబడని చోట నడుస్తాయి. రేంజ్‌ను 12 డెసిబెల్స్‌కు తగ్గిస్తే, అదే 300లో 12 మాత్రమే తగ్గుతుంది. సెకండుకు నలభై, మీ టామ్ సహజంగా తగ్గే వేగం కూడా అంతే. మోత తగ్గుతున్న తీరుకు గేటు తోడైనట్లు ఉంటుంది, మీద పడి నరికినట్లు ఉండదు. క్రాష్ కూడా పూర్తి మట్టం నుంచి శూన్యానికి పడదు, 12 డెసిబెల్స్ మాత్రమే దిగుతుంది, కాబట్టి ఆ ఎత్తుపల్లం చెవికి అంతగా తగలదు.

ఒక హెచ్చరిక. రిలీజ్ సంఖ్య అన్ని గేట్లలో ఒకే అర్థం ఇవ్వదు. కొన్నింటిలో అది పెట్టిన రేంజ్ అంతా దిగడానికి పట్టే కాలం, మరికొన్నింటిలో దిగే వేగం. రెండో రకంలో రేంజ్ తగ్గిస్తే రిలీజ్ కూడా చిన్నదైపోతుంది. కనుక రేంజ్ మార్చిన ప్రతిసారీ మెత్తని దెబ్బను మళ్ళీ వినండి. Drawmer DS201 వంటి పాత గేట్ల మీద ఈ గుండీకి రిలీజ్ అని కాక Decay అని పేరు ఉంటుంది, పని ఒకటే.

ఇప్పటి వరకూ సోలోలో విన్నారు. ఇకమీదట ఓవర్‌హెడ్ మైకులు కలిపి వినండి. టామ్ మోతలో కొంత అక్కడ ఎలాగూ ఉంటుంది. సోలోలో కోతలా అనిపించిన చాలా చోట్ల, ఓవర్‌హెడ్స్ కలిపాక ఏమీ తెలియదు. అలా వింటూ ఫిల్స్‌లో హోల్డ్‌ను 40కి, రిలీజ్‌ను 200కి ఆటోమేషన్‌తో తగ్గించండి. అక్కడ దెబ్బ గట్టిది కాబట్టి మోత తానే 450 మిల్లీసెకండ్లు గేటును పట్టి ఉంచుతుంది. మధ్య భాగంలో మాత్రం 120, 300 అలాగే ఉండాలి.

కత్తెరపని:
రెండు రకాల సెట్టింగులకు ఆటోమేషన్ రాసేంత పని ఉన్నప్పుడు, ఫిల్స్‌ను వేరే ట్రాక్‌లోకి మార్చి చేత్తో ఫేడ్ పెట్టడం అంతకంటే కష్టమా అన్నది నా ప్రశ్న. మధ్య భాగానికి గేటు అవసరమన్నది ఒప్పుకుంటాను.

వేదికవెనుక:
12 డెసిబెల్స్ రేంజ్ విషయంలో నాది వేరే అభిప్రాయం. టామ్ ట్రాక్ మీద తరువాత కంప్రెసర్ గట్టిగా వేసి, పైస్థాయి ఈక్యూ కూడా పెంచితే, మూసుకున్నప్పుడు మిగిలిన ఆ బ్లీడ్ మళ్ళీ పైకి లేస్తుంది. స్నేర్ రంగు మారిపోతుంది. అటువంటి మిక్స్‌లో నేను కనీసం 25 తగ్గిస్తాను.

పాతకన్సోల్:
కంప్రెషన్ ఎక్కువైతే మీ మాట నిజమే. నేను టామ్‌లను అంత నొక్కను, అందుకే 12 నాకు సరిపోతుంది. ఎవరి మిక్స్‌కు తగ్గట్టు వారు నిర్ణయించుకోవలసిన విషయం ఇది. ఏదైనా గేటు కంప్రెసర్‌కు ముందే ఉండాలి. కంప్రెసర్ తరువాత పెడితే మెత్తని దెబ్బకూ బ్లీడ్‌కూ మధ్య మనం కష్టపడి సంపాదించిన పది డెసిబెల్స్ మళ్ళీ కరిగిపోతాయి.

మంద్రస్థాయి:
లుక్‌అహెడ్ 5, అటాక్ 1, రేంజ్ 12తో కర్ర చప్పుడు తిరిగి వచ్చింది. మధ్య భాగం ఇప్పుడు గేటు ఉన్నట్లు తెలియకుండా నడుస్తోంది. మెత్తని దెబ్బల్లో రెండు మాత్రం సైడ్‌చెయిన్‌లో మైనస్ 23 దాకా పడిపోయాయి, వాటికి గేటు తెరుచుకోలేదు. థ్రెషోల్డ్ దించకుండా, ఆ రెండు దెబ్బల చోట ట్రాక్ గెయిన్‌ను గేటుకు ముందు 3 డెసిబెల్స్ పెంచాను, తెరుచుకున్నాయి.

ఫిల్స్‌కు ఆటోమేషన్ రాశాను. ఒక్క చోట ఇంకా కుదరలేదు. రెండో పల్లవికి ముందు డ్రమ్మర్ చివరి టామ్ దెబ్బను, క్రాష్‌ను, కిక్‌ను ఒకేసారి కొట్టాడు. అక్కడ టామ్ మోత ఎంతసేపు ఉంచితే క్రాష్ అంతసేపు ఆ మైకులో వినబడుతోంది. హోల్డ్ తగ్గిస్తే దెబ్బ పొట్టిదవుతోంది.

పాతకన్సోల్:
రెండు శబ్దాలూ ఒకే క్షణంలో మొదలైనప్పుడు గేటు వాటిని విడదీయలేదు. ఆ ఒక్క దెబ్బ వరకూ బయటికి వచ్చే టామ్ శబ్దం మీదే 2 కిలోహెర్ట్జ్ పైన తగ్గించే ఫిల్టర్‌ను ఆటోమేషన్‌తో వేయండి. కర్ర చప్పుడు పోకుండా దెబ్బ పడిన 30 మిల్లీసెకండ్ల తరువాత మొదలుపెట్టండి.

కత్తెరపని:
లేదా ఇదే టామ్ ఒంటరిగా పడిన మరో ఫిల్ నుంచి అంతే బలమైన దెబ్బను కాపీ చేసి అక్కడ అతికించండి. ఓవర్‌హెడ్స్‌తో ఫేజ్ కుదిరేలా మొదటి శిఖరాన్ని జాగ్రత్తగా కలపాలి.

మంద్రస్థాయి:
మొదటి పల్లవి ముందు ఫిల్‌లో అటువంటి దెబ్బ ఒకటి ఉంది, కానీ దాని బలం కొంచెం తక్కువ. రెండు పద్ధతులూ చేసి చూసి, ఏది నిలిచిందో ఇక్కడే రాస్తాను.